విదేశంలో ఆస్పత్రి పాలైతే: డిశ్చార్జ్ సమ్మరీ చదవకుండా బయటికి రావద్దు

కంపెనీ పని మీద పది, పదిహేను రోజులకు దుబాయ్ వెళ్లేవాళ్లు ట్రావెల్ పాలసీని ఫోన్‌లో పెట్టుకుని ఊరుకుంటారు. క్లెయిమ్ చాలాసార్లు చిక్కుబడేది అక్కడి డాక్టర్ డిశ్చార్జ్ సమ్మరీలో రాసే ఒక్క లైన్ దగ్గర.

జడ్చర్ల ఫ్యాక్టరీ నుంచి మెషిన్ బిగించడానికి వెళ్లిన టెక్నీషియన్‌కు నాలుగో రాత్రి అపెండిసైటిస్ నొప్పి లేచిందనుకుందాం. ఎమర్జెన్సీలో ఎప్పటి నుంచని అడిగితే, "అప్పుడప్పుడు వస్తనే ఉంటది సార్, గ్యాస్" అంటాడు. డాక్టర్ 'పెయిన్ ఆన్ అండ్ ఆఫ్ సిన్స్ త్రీ మంత్స్' అని రాస్తాడు. పాలసీకి ముందే ఉన్న జబ్బని చెప్పడానికి ఇన్సూరెన్స్ వాళ్లకు ఆ లైన్ చాలు.

గ్యాస్ సంగతి దాచమని కాదు, విడదీసి చెప్పాలి. "ఈ నొప్పి రాత్రి పదింటికి మొదలైంది, ఇలాంటిది ముందెప్పుడూ రాలేదు, గ్యాస్ వేరే, దానికి అప్పుడప్పుడు గోళీ వేసుకుంటా." బీపీ, షుగర్ ఉంటే అవీ నిజమే చెప్పాలి. దాచితే తర్వాత పాత చీటీల్లో బయటపడుతుంది, అప్పుడు మొత్తం క్లెయిమే పోవచ్చు.

డిశ్చార్జ్ రోజున సమ్మరీలో మూడు సంగతులు వెతకండి: లక్షణాలు ఏ తేదీన ఎన్నింటికి మొదలయ్యాయో, ఎమర్జెన్సీగా చేర్చుకున్నారన్న మాట, ఆపరేషన్ ఊరికి వచ్చేదాకా ఎందుకు ఆగదో. తప్పుంటే అక్కడే డాక్టర్‌తో దిద్దించి, సంతకం, స్టాంప్ వేయించుకోవాలి. పెన్నుతో మీరు దిద్దారో, అసలుకే మోసం. ఇంటికొచ్చాక ఈమెయిల్‌లో అడిగితే వారాలు పడుతుంది.

పేరు ఇంకో తలనొప్పి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే, బిల్లులో ఒక్క అక్షరమే పడుతుంది. అడ్మిషన్ కౌంటర్లోనే పాస్‌పోర్టు చూపించి అదే స్పెల్లింగ్ వేయించండి.

చేరగానే పాలసీ మీదున్న అసిస్టెన్స్ నంబర్‌కు ఫోన్ చేసి రిఫరెన్స్ నంబర్ రాసుకోవాలి. గడువు చాలా పాలసీల్లో గంటల్లోనే ఉంటుంది. రోగి మాట్లాడలేకపోతే తోటి ఉద్యోగి చేసినా చెల్లుతుంది. బిల్లు ఒక్క మొత్తంగా కాక మందు, బెడ్, సర్జన్ విడివిడిగా ఉండాలి. కార్డు స్లిప్పును రసీదుగా లెక్కపెట్టరు, ఆస్పత్రి రసీదు వేరుగా అడగాలి. డబ్బు కంపెనీ కట్టి ఉంటే, ఎవరి ఖాతాకు వేయాలో కంపెనీ లెటర్ జతచేయాలి. డ్యూటీ మీద పంపినట్టు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో అదే లెటర్‌లో రాయించుకుంటే ఒక్క కాగితంతో పోతుంది.

దుబాయ్ ఎయిర్‌పోర్టు స్మార్ట్ గేట్లలో పాస్‌పోర్టు మీద స్టాంప్ పడదు. అందుకే ప్రయాణ తేదీలకు రుజువుగా శంషాబాద్‌లో ఇచ్చిన బోర్డింగ్ పాస్‌ను, తిరుగు ప్రయాణపు పాస్‌ను క్లెయిమ్ డబ్బు ఖాతాలో పడేదాకా పారేయకండి.