అద్దె కారు హెచ్చరిక దీపాలు, జర్మన్ కాగితం ఫోటో: సమస్య - పరిష్కారం

నిరుడు అక్టోబరులో మ్యూనిక్‌లో మేము అద్దెకు తీసుకున్న కారుతో పాటు హెచ్చరిక దీపాల గురించి ఒక కాగితం ఇచ్చారు. అది జర్మన్ భాషలో ఉంది, పైగా నలుపు తెలుపు జిరాక్సు. దాన్ని ఫోనుతో ఫోటో తీసి అనువదించుకుని, మర్నాడు ఉదయం దీపం వెలిగినప్పుడు ఆ అనువాదంతోనే కుస్తీ పట్టవలసి వచ్చింది.

సమస్య: అనువాదంలో రెండు ఆజ్ఞలు ఒకదానికొకటి పొసగడం లేదు.

ఆయిల్ ప్రెషర్ దీపం ఎదురుగా ఉన్న వాక్యాన్ని మా బావగారు ఫోనులో చూసి, "ఇంజిన్ ఆపండి, ప్రయాణం కొనసాగించండి" అని చదివారు. ఇంజిన్ ఆపి ప్రయాణం ఎలా కొనసాగిస్తాము?

కారణం: కాగితం మీద ఉన్న అసలు మాట nicht weiterfahren, అంటే "ఇక నడపవద్దు". nicht అనేది పంక్తి చివర, సరిగ్గా మడత మీద పడింది. ఫోటోలో అది నీడలో కలిసిపోవడంతో weiterfahren ఒక్కటే మిగిలింది, దాని అర్థం "ప్రయాణం కొనసాగించడం". తెలుగులో వద్దు, కూడదు అనేవి క్రియ చివర వస్తాయి కనుక మన కన్ను నిషేధాన్ని వాక్యం కొసలో వెతుకుతుంది. ఇలాంటి జర్మన్ ఆజ్ఞలో అది క్రియకు ముందే ఉంటుంది, అందువల్ల అది పోయినా మిగిలిన వాక్యం చక్కగానే కనిపిస్తుంది.

పరిష్కారం: కాగితాన్ని గట్టి అట్ట మీద చదునుగా పరచి, ఫ్లాష్ వేయకుండా పగటి వెలుతురులో, పేజీ మొత్తాన్ని కాకుండా ఒక్కొక్క గడిని విడివిడిగా ఫోటో తీయాలి. మొత్తం పట్టికను ఒకేసారి తీస్తే ఒక వరుస బొమ్మకు పక్క వరుస వాక్యం అంటుకునే ప్రమాదం కూడా ఉంది. తరువాత నిషేధాన్ని తెలిపే nicht, kein అనే రెండు మాటలను అసలు కాగితం మీదే కళ్లతో వెతికి గుర్తు పెట్టుకోవాలి. యాప్‌లో మూల భాషను జర్మన్ అని మనమే ఎంచుకోవడం మంచిది. లేకపోతే ఎరుపు అని అర్థమున్న Rot ఇంగ్లీషు మాటగా భావించబడి "కుళ్ళు"గా మారే అవకాశం ఉంది.

సమస్య: దీపం వెలిగింది, కానీ జిరాక్సులో రంగు లేదు.

రంగును కాగితంలో కాదు, డాష్‌బోర్డు మీద చూడాలి. ఎరుపు వెలిగితే వీలైనంత త్వరగా సురక్షితమైన చోట ఆపాలి. పసుపు వెలిగితే జాగ్రత్తగా వెళ్లి పరీక్షించుకోవచ్చు. చివర చుక్క కారుతున్న నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే, అనువాదం ఏమని చెప్పినా ఇంజిన్ ఆపి అద్దె సంస్థకు ఫోన్ చేయవలసిందే, ఎందుకంటే ఆయిల్ ప్రెషర్ లేకుండా ఇంజిన్ కొద్ది నిమిషాలలోనే పాడైపోగలదు.

సమస్య: చల్లని ఉదయం, గుర్రపు నాడా లాంటి బొమ్మలో ఆశ్చర్యార్థకం, పసుపు రంగు.

మాకు వెలిగింది ఇదే. తెర మీద Reifendruck prüfen అని కూడా వచ్చింది, అంటే టైర్లలో గాలి చూసుకోమని.

కారణం: ఉష్ణోగ్రత పది డిగ్రీలు పడిపోతే టైరులో గాలి సుమారు 0.1 బార్ తగ్గుతుంది. సాధారణంగా ఈ దీపం దాదాపు ఐదో వంతు గాలి తగ్గితే వెలుగుతుంది కనుక, చలి ఒక్కటే దీన్ని వెలిగించడం అరుదు. అప్పటికే కొంత తక్కువగా ఉన్న టైర్లను రాత్రి చలి హద్దు దాటిస్తుంది. డ్రైవర్ తలుపు పక్క స్తంభం మీది చీటీలో 2.5 బార్ అని ఉండగా, పెట్రోలు బంకులో కొలిచినప్పుడు మా ముందు టైర్లలో 2.0, వెనుక టైర్లలో 2.1 వచ్చింది. నాలుగూ దాదాపు సమానంగా తగ్గాయి కనుక మేకు దిగలేదని తేలింది. మూడింటిలో 2.3 ఉండి ఒక్కదానిలో 1.6 ఉంటే కథ వేరు: అది పంక్చరే అనుకుని సంస్థకు ఫోన్ చేయాలి.

పరిష్కారం: టైర్లు చల్లగా ఉండగానే కొలవాలి. మన బంకుల్లో పీఎస్ఐ లెక్క అలవాటు గనుక, 2.5 బార్ అంటే సుమారు 36 అని గుర్తుంచుకుంటే తప్పు జరగదు. అక్కడ చాలా బంకుల్లో గాలి కొట్టే సిబ్బంది ఉండరు. మీటరు అమర్చిన చిన్న గాలి తొట్టిని కొక్కెం నుంచి తీసుకెళ్లి, ప్లస్, మైనస్ మీటలు నొక్కుతూ మనమే నింపుకోవాలి. సామాను, మనుషులు నిండుగా ఉంటే చీటీలో అందుకు ఇచ్చిన రెండో అంకెను పాటించాలి.

గాలి నింపాక కూడా దీపం ఆరలేదు. చక్రాలు తిరిగే వేగాన్ని బట్టి గాలిని అంచనా వేసే కార్లలో కొత్త స్థితిని మనమే నమోదు చేయాలి. మా కారులో మెనూలో టైర్ల పేజీకి వెళ్లి SET నొక్కి పట్టుకోగానే దీపం ఆరింది. గాలి నింపకుండానే SET నొక్కితే తక్కువ గాలినే సరైనదిగా కారు నేర్చుకుంటుంది, అందుకే ఆ మీటను అన్నిటికన్నా చివరే నొక్కాలి. కారు స్టార్ట్ చేయగానే అదే దీపం నిమిషం పైగా మినుకుమని తరువాత నిలకడగా వెలిగితే లోపం టైరులో కాదు, కొలిచే వ్యవస్థలో ఉంటుంది. అప్పుడు గాలి చేత్తో కొలిచి చూసుకుని, ఆ సంగతి దీపం ఫోటోతో సహా సంస్థకు తెలియజేయాలి.