మూలన పడ్డ ఈ-సైకిల్ బ్యాటరీ విప్పే ముందు జాగ్రత్తలు

కావలిలో మా బావమరిది ఆరు నెలలు మూలన పెట్టేసిన 36 వోల్టుల బ్యాటరీ ఇది. చార్జర్ పెడితే పచ్చ లైటు వెలుగుతుంది, చార్జింగ్ మాత్రం ఎక్కదు.

- ఉంగరం, వాచీ తీసేయండి. పని ఇంట్లో వద్దు. వరండాలో సిమెంటు నేల మీద, పక్కన ఇసుక బకెట్ పెట్టుకుని చేయండి.

- సెల్ ఉబ్బినా, తీయటి ఘాటు వాసన వచ్చినా అక్కడితో ఆపేయండి.

- బయటి పిన్నుల్లో సున్నా చూపిస్తే సెల్స్ చచ్చినట్టు కాదు. వోల్టేజీ బాగా పడిపోతే రక్షణ బోర్డే దారి మూసేస్తుంది. బోర్డుకెళ్లే సన్న వైర్ల దగ్గర ఒక్కో సెల్స్ గ్రూపు వోల్టేజీని మీటర్‌తో చూడండి. ప్రోబ్ జారితే షార్టే, అందుకే మొన మాత్రం వదిలి టేపు చుట్టండి.

- మొత్తం వోల్టేజీ అంకె నమ్మొద్దు. మాకు 27.5 వచ్చింది, పర్లేదనుకున్నాం. తీరా చూస్తే తొమ్మిది గ్రూపులు 2.9, ఒకటి 1.4! రెండు వోల్టుల కిందే నెలలు గడిపిన సెల్‌లో రాగి కరుగుతుంది. చార్జ్ చేస్తే లోపలే షార్ట్ కావచ్చు. ఆ ప్యాక్ వదిలేశాం.

- అన్నీ 2.5 పైన, దాదాపు సమానంగా ఉంటేనే అర ఆంపియర్‌తో, బోర్డు ద్వారానే, ఎదురుగా కూర్చుని ఎక్కించండి. వేడెక్కితే పీకేయండి. బోర్డును తప్పించి వైరు కలిపే వీడియోల జోలికి పోవద్దు.