పెద్దల పన్ను లెక్కలు – నాల్గవ పాఠం: డిపాజిట్ వడ్డీ, లక్ష పరిమితి, యాభై వేల మినహాయింపు

గత పాఠంలో పింఛనును ఏ పద్దు కింద చూపాలో, దానిపై ప్రామాణిక తగ్గింపు ఎంత వస్తుందో చూశాము. ఈ పాఠంలో పొదుపు ఖాతా వడ్డీని, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీని తీసుకుందాము. ఇక్కడి లెక్కలన్నీ 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 వరకు వచ్చిన ఆదాయానికి సంబంధించినవి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చి సెక్షన్ల అంకెలు మారినప్పటికీ, ఆ సంవత్సరపు ఆదాయానికి పాత అంకెలే వర్తిస్తాయి కనుక వాటినే వాడుతున్నాను.

హైదరాబాదులో పదవీ విరమణ చేసినవారు నలుగురు కలిసిన చోట వడ్డీ ప్రస్తావన వస్తే రెండు అంకెలు వినిపిస్తాయి. ఒకటి లక్ష, రెండవది యాభై వేలు. లక్ష లోపు వడ్డీకి పన్ను లేదని ఒకరు, యాభై వేల లోపు లేదని మరొకరు వాదిస్తారు. ఈ రెండు అంకెలు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. వాటిని కలిపివేయడం వల్లనే ఎక్కువ చిక్కులు వస్తున్నాయి.

లక్ష రూపాయలు అనేది బ్యాంకు పాటించవలసిన హద్దు. 194ఏ సెక్షను ప్రకారం అరవై ఏళ్లు నిండిన ఖాతాదారుకు ఒక బ్యాంకు సంవత్సరంలో చెల్లించే డిపాజిట్ వడ్డీ లక్ష దాటితే, ఆ బ్యాంకు అందులోంచి పది శాతం పన్నును ముందుగానే టీడీఎస్‌గా కోయాలి. ఈ హద్దు 2025 మార్చి 31 వరకు యాభై వేలుగానే ఉండేది. అందువల్లనే రెండు అంకెలు ఒకటేనన్న భావన చాలామందిలో నిలిచిపోయింది. హద్దు దాటితే దాటిన భాగం మీద మాత్రమే కాక మొత్తం వడ్డీ మీద కోత పడుతుంది. పాన్ నంబరు ఇవ్వకపోతే ఆ కోత ఇరవై శాతం అవుతుంది. కోర్ బ్యాంకింగ్ ఉన్న బ్యాంకులో అన్ని శాఖల వడ్డీని కలిపే చూస్తారు కాబట్టి, కోఠి శాఖలో కొంత, మల్కాజిగిరి శాఖలో కొంత పెట్టినా హద్దు మారదు. పొదుపు ఖాతా వడ్డీ మీద ఈ టీడీఎస్ అసలు లేదు.

టీడీఎస్ కోయలేదంటే పన్ను లేదని అర్థం కాదు. కోత అనేది పన్నును ముందుగా వసూలు చేసే పద్ధతి మాత్రమే. పన్ను ఎంతన్నది రిటర్నులోనే తేలుతుంది. నాలుగు బ్యాంకులలో తలా తొంభై వేల వడ్డీ వచ్చేలా డిపాజిట్లు విడగొట్టినవారికి ఒక్క రూపాయి కోత పడకపోవచ్చు. అయినా నాలుగింటి వడ్డీ కలిపి మూడు లక్షల అరవై వేలు వారి ఆదాయంలో చేరవలసినదే. బ్యాంకులు చెల్లించిన వడ్డీ వివరాలను ఆదాయపు పన్ను శాఖకు తెలియజేస్తాయి. అవి పాన్ నంబరు కింద వార్షిక సమాచార పట్టికలో, అంటే ఏఐఎస్‌లో కనిపిస్తాయి. రిటర్ను నింపే ముందు ఆ పట్టికను ఒకసారి తెరిచి, బ్యాంకు ఇచ్చిన వడ్డీ ధ్రువపత్రాలతో పోల్చి చూసుకుంటే తరువాత తేడాల గురించి ఉత్తరాలు అందుకొనే అవసరం ఉండదు.

ఇక యాభై వేల సంగతి. 2018 ఆర్థిక చట్టంతో 80టీటీబీ సెక్షను వచ్చింది. దీని ప్రకారం భారతదేశంలో నివాసిగా పరిగణించబడే, అరవై ఏళ్లు నిండిన వ్యక్తి తన మొత్తం ఆదాయం నుంచి బ్యాంకు, బ్యాంకింగ్ చేసే సహకార సంఘం, పోస్టాఫీసులలోని డిపాజిట్ల వడ్డీని గరిష్ఠంగా యాభై వేల వరకు తీసివేయవచ్చు. పొదుపు ఖాతా, ఫిక్స్‌డ్, రికరింగ్ డిపాజిట్ల వడ్డీలు మూడూ ఇందులోకి వస్తాయి. యాభై వేలు అన్నది అన్ని ఖాతాలకూ కలిపి ఒకే ఒక పరిమితి. బ్యాంకుకు ఒకటి చొప్పున కాదు. అరవై లోపువారికి పొదుపు ఖాతా వడ్డీ మీద పదివేల వరకు ఇచ్చే 80టీటీఏ మినహాయింపును పెద్దలు దీనికి అదనంగా కోరడానికి వీలులేదు, అంటే అరవై వేలు చేసుకోలేరు.

కంపెనీ డిపాజిట్ల వడ్డీ, బాండ్ల వడ్డీ, చిట్‌ఫండ్ డివిడెండు ఈ మినహాయింపు పరిధిలోకి రావు. అలాగే పిల్లల దగ్గర అమెరికాలో ఎక్కువ కాలం ఉండి, ఆ సంవత్సరానికి ప్రవాసిగా మారిన తల్లిదండ్రులకు వయస్సు ఎంత ఉన్నా ఇది వర్తించదు. మన నగరంలో ఇటువంటి కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి పాస్‌పోర్టులోని రాకపోకల తేదీలను ముందుగా లెక్కపెట్టుకోవడం మంచిది.

వయస్సు విషయంలో ఒక చిన్న వెసులుబాటు ఉంది. సంవత్సరంలో ఏ రోజున అరవై నిండినా ఆ సంవత్సరమంతటికీ పెద్దలుగానే లెక్క. ఏప్రిల్ 1న పుట్టినవారికి ముందు రోజు, మార్చి 31ననే వయస్సు నిండినట్లు భావిస్తారు. కాబట్టి 1966 ఏప్రిల్ 1న లేదా అంతకు ముందు పుట్టినవారందరూ ఈ సంవత్సరానికి అర్హులే. లక్ష దాటకుండానే బ్యాంకు టీడీఎస్ కోసిందంటే, మొదట చూడవలసినది బ్యాంకు రికార్డులోని పుట్టిన తేదీ. అది తప్పుగా ఉంటే కంప్యూటరు అరవై లోపువారి హద్దైన యాభై వేలనే పట్టుకుంటుంది.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాము. మల్కాజిగిరిలో నివసించే 67 ఏళ్ల విశ్రాంత ఉపాధ్యాయుడికి సంవత్సరానికి 5,40,000 రూపాయల పింఛను వస్తుందనుకుందాము. మొదటి బ్యాంకులో పొదుపు ఖాతా వడ్డీ 8,000, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ 92,000. రెండవ బ్యాంకులో గడువు తీరాకే చేతికందే క్యుములేటివ్ డిపాజిట్ మీద ఈ సంవత్సరం జమ కట్టిన వడ్డీ 70,000. ఒక ఫైనాన్స్ కంపెనీలోని డిపాజిట్ మీద 30,000. వడ్డీ మొత్తం రెండు లక్షలు.

మొదట కోత సంగతి చూద్దాము. రెండు బ్యాంకులలోనూ వడ్డీ లక్ష దాటలేదు కనుక టీడీఎస్ లేదు. కంపెనీకి మాత్రం పెద్దల లక్ష హద్దు వర్తించదు. దానికి ఉన్న హద్దు పదివేలే. అందుచేత కంపెనీ 3,000 రూపాయలు కోసింది. క్యుములేటివ్ డిపాజిట్ వడ్డీ చేతికి రాలేదు కదా అని దానిని వదిలివేయకూడదు. బ్యాంకు దానిని ఏటా జమ కట్టి, ఏటా పన్ను శాఖకు తెలియజేస్తుంది. అన్నేళ్ల వడ్డీని గడువు తీరిన ఏడాదిలో ఒక్కసారిగా చూపితే ఏఐఎస్‌తో సరిపోలదు, పైగా ఆ ఏడాది ఆదాయం ఉబ్బి పై శ్లాబులోకి పోతుంది. ఏటా చూపే పద్ధతిని ఎంచుకుని చివరి వరకు దానినే పాటించడం మేలు.

ఈ సంవత్సరపు పన్నును పాత విధానం, కొత్త విధానం అనే రెండింటిలో ఏదో ఒకదాని ప్రకారం లెక్కించుకోవచ్చు. పాత విధానంలో పింఛను నుంచి 50,000 ప్రామాణిక తగ్గింపు తీసివేస్తే 4,90,000. దానికి రెండు లక్షల వడ్డీ కలిపితే 6,90,000. బ్యాంకుల వడ్డీ 1,70,000 ఉన్నా 80టీటీబీ కింద తీసివేయగలిగినది 50,000 మాత్రమే. ఆరోగ్య బీమా ప్రీమియం 40,000 కట్టారనుకుంటే పన్ను పడే ఆదాయం సరిగ్గా 6,00,000 అవుతుంది. మూడు లక్షల వరకు పన్ను లేదు, అక్కడి నుంచి ఐదు లక్షల వరకు ఐదు శాతం చొప్పున 10,000, మిగిలిన లక్ష మీద ఇరవై శాతం చొప్పున 20,000. నాలుగు శాతం సెస్సుతో మొత్తం 31,200 రూపాయలు. 80టీటీబీ లేకపోతే ఇదే పన్ను 41,600 అయ్యేది. అంటే యాభై వేల మినహాయింపు ఆయన చేతిలో మిగిల్చినది 10,400 రూపాయలు. మినహాయింపు ఆదాయం నుంచే తప్ప పన్ను నుంచి కాదన్నది ఇక్కడ గమనించాలి.

కొత్త విధానంలో 80టీటీబీ లేదు, ఆరోగ్య బీమా మినహాయింపు కూడా లేదు. పింఛను మీద ప్రామాణిక తగ్గింపు మాత్రం 75,000. కాబట్టి 4,65,000కు రెండు లక్షలు కలిపితే ఆదాయం 6,65,000. నాలుగు లక్షలు దాటిన 2,65,000 మీద ఐదు శాతం 13,250. పన్ను పడే ఆదాయం 12 లక్షలు మించని నివాసులకు 87ఏ కింద రిబేటు వస్తుంది కనుక ఆ 13,250 మొత్తం రద్దయి పన్ను సున్నా అవుతుంది. మినహాయింపును వదులుకున్నందువల్ల ఈయనకు 31,200 రూపాయలు మిగిలాయి.

కనుక నా అభిప్రాయం ఏమిటంటే, ఈ సంవత్సరానికి పింఛను, వడ్డీ మాత్రమే ఆదాయంగా ఉన్న ఎక్కువమంది పెద్దలకు 80టీటీబీ కోసం పాత విధానంలో ఉండవలసిన పని లేదు. ఒకప్పుడు సంగతి వేరు. పాత విధానంలో ఐదు లక్షలు మించకపోతేనే పూర్తి రిబేటు వస్తుంది కాబట్టి, ఆదాయాన్ని ఆ గీత కిందికి దించడంలో ఈ యాభై వేలు నిజంగా పనికివచ్చేవి. ఆ జ్ఞాపకంతోనే ఇంకా చాలామంది దానిని పట్టుకుని ఉన్నారు. పాత విధానమే కావాలనుకునేవారు గడువు తేదీలోపు వేసే రిటర్నులోనే దానిని ఎంచుకోవాలి. ఏమీ ఎంచుకోకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది.

పన్ను సున్నా అయినా మన ఉపాధ్యాయుడు రిటర్ను వేయకుండా ఉండలేడు. ఆయన ఆదాయం నాలుగు లక్షల మౌలిక పరిమితిని దాటింది. పైగా కంపెనీ కోసిన 3,000 తిరిగి రావాలన్నా రిటర్నే మార్గం. ఆ కోత అసలు పడకుండా ఉండాలంటే ఆర్థిక సంవత్సరం మొదట్లోనే, వడ్డీ జమ కాకముందే, కంపెనీకి 15హెచ్ పత్రం ఇచ్చి ఉండవలసింది. అంచనా ఆదాయం మీద పన్ను సున్నా అయ్యే పెద్దలు దానిని ఇవ్వవచ్చు. ఆ సున్నా 87ఏ రిబేటు వల్ల వచ్చినదైనా చెల్లుతుంది. వడ్డీ చెల్లించే ప్రతి సంస్థకూ విడివిడిగా, ఏటా కొత్తగా ఇవ్వాలి. పన్ను పడుతుందని తెలిసి ఈ పత్రం ఇవ్వడం మాత్రం శిక్షార్హమైన తప్పుడు ప్రకటన.

అభ్యాసం: తార్నాకలో నివసించే 72 ఏళ్ల గృహిణికి ఒకే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ 1,10,000, పోస్టాఫీసు డిపాజిట్ల వడ్డీ 60,000, ఒక కంపెనీ డిపాజిట్ వడ్డీ 9,000 వచ్చాయి. ఆమె ఎవరికీ 15హెచ్ ఇవ్వలేదు. ఎవరు ఎంత టీడీఎస్ కోస్తారు? పాత విధానం ఎంచుకుంటే 80టీటీబీ కింద ఎంత తీసివేయవచ్చు? ఆమెకు వేరే ఆదాయం లేకపోతే కోసిన సొమ్ములో ఎంత తిరిగి వస్తుంది? జవాబులతో పాటు, భర్త సొమ్ముతో భార్య పేరిట వేసిన డిపాజిట్ వడ్డీ ఎవరి ఆదాయమన్న ప్రశ్నను ఐదవ పాఠంలో తీసుకుందాము.