పిలుపు సొమ్ము చెల్లించని వాటాలను జప్తు చేసి డిస్కౌంటుకు పునర్జారీ చేయడం ఎలా?

కంపెనీల చట్టం, 2013లోని 53వ సెక్షన్ ప్రకారం, స్వెట్ ఈక్విటీ వంటి కొన్ని మినహాయింపులు తప్ప, కంపెనీ తన వాటాలను ముఖ విలువ కంటే తక్కువకు జారీ చేయరాదు. అయినా జప్తు చేసిన పది రూపాయల వాటాను ఏడు రూపాయలకే వేరొకరికి ఇవ్వడం చట్టవిరుద్ధం కాదు. పాత వాటాదారుడు అప్పటికే చెల్లించిన సొమ్ము కంపెనీ దగ్గరే ఉండిపోయింది కాబట్టి, దానికి కొత్తగా కొన్నవాడు ఇచ్చిన సొమ్మును కలిపితే పది రూపాయలకు తగ్గకుండా ఉంటే చాలు. పైగా ఇది కొత్త కేటాయింపు కాదు, ఉన్న వాటానే తిరిగి అమ్మడం. ఈ ఒక్క సూత్రం మనసులో ఉంటే తరువాతి పద్దులన్నీ వాటంతటవే సరిగా వస్తాయి.

ముందుగా చూసుకోవలసింది జప్తు చేసే అధికారం. అది కంపెనీ నియమావళి నుంచే రావాలి. చట్టంలోని మొదటి షెడ్యూలులో నమూనా నియమావళిగా ఉన్న టేబుల్ ఎఫ్‌ను స్వీకరించిన కంపెనీలో, పిలుపు సొమ్ము, అంటే వాటా విలువలో కంపెనీ కేటాయింపు తరువాత అడిగే విడత, గడువులోగా రాకపోతే డైరెక్టర్ల బోర్డు వాటాదారుడికి నోటీసు పంపాలి. నోటీసు అందిన నాటి నుంచి కనీసం 14 రోజులు గడిచాక వచ్చే ఒక తేదీని అందులో పేర్కొని, ఆ రోజుకు చెల్లించకపోతే వాటాలు జప్తుకు లోనవుతాయని స్పష్టంగా రాయాలి. అప్పటికీ సొమ్ము రాకపోతే బోర్డు తీర్మానం ద్వారా జప్తు జరుగుతుంది.

నోటీసు విషయంలో న్యాయస్థానాలు చాలా కఠినంగా ఉంటాయి. పబ్లిక్ ప్యాసింజర్ సర్వీస్ కంపెనీ కేసులో, వడ్డీ, ఖర్చుల కింద ఎంత చెల్లించాలో నోటీసులో స్పష్టంగా లేనందున జప్తు చెల్లదని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కాబట్టి రావలసిన మొత్తాన్ని, వడ్డీని, గడువు తేదీని ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్న తరువాతే నోటీసు పంపాలి. నోటీసులో లోపముంటే, ఆ తరువాత పద్దులు ఎంత చక్కగా రాసినా ప్రయోజనం ఉండదు.

ఇక పద్దుల సంగతి ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక కంపెనీ రూ.10 ముఖ విలువ గల వాటాలను రూ.2 ప్రీమియంతో జారీ చేసింది. దరఖాస్తుతో రూ.3, కేటాయింపు మీద ప్రీమియంతో కలిపి రూ.4, మొదటి పిలుపు మీద రూ.2.50, ఆఖరి పిలుపు మీద రూ.2.50 చెల్లించాలి. 400 వాటాలున్న ఒక వాటాదారుడు కేటాయింపు వరకు చెల్లించి, రెండు పిలుపులూ చెల్లించలేదు. కంపెనీ ఆ వాటాలను జప్తు చేసింది.

మొదటి పని, అతను మూలధనం కింద ఎంత చెల్లించాడో, ఎంత బాకీ పడ్డాడో విడదీయడం. దరఖాస్తు మీద రూ.3, కేటాయింపులో ప్రీమియం పోగా రూ.2 కలిపి వాటాకు రూ.5 వచ్చాయి, రూ.5 రాలేదు. జప్తు పద్దు ఇలా ఉంటుంది:

వాటా మూలధన ఖాతా డెబిట్ 4,000
పిలుపు బకాయిల ఖాతాకు క్రెడిట్ 2,000
వాటాల జప్తు ఖాతాకు క్రెడిట్ 2,000

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, మూలధన ఖాతాను జప్తు నాటికి పిలిచిన మేరకే డెబిట్ చేయాలి. ఆఖరి పిలుపు ఇంకా చేయకముందే జప్తు చేసి ఉంటే, డెబిట్ వాటాకు రూ.10 కాక రూ.7.50 చొప్పున రూ.3,000 మాత్రమే అవుతుంది. రెండు, ప్రీమియం. అది అప్పటికే వసూలైంది కనుక సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతాలోని రూ.800 జోలికి పోకూడదు. ఆ ఖాతాను ఏయే పనులకు వాడవచ్చో 52వ సెక్షన్ చెబుతుంది, జప్తు వాటిలో లేదు. అదే వాటాదారుడు కేటాయింపు సొమ్ము కూడా చెల్లించి ఉండకపోతే లెక్క మారుతుంది. చేతికి రాని ప్రీమియాన్ని వచ్చినట్టు చూపడం తగదు కాబట్టి, సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతాను రూ.800కు డెబిట్ చేసి రద్దు చేయాలి. జప్తు ఖాతాకు వెళ్లేది దరఖాస్తు మీద వచ్చిన రూ.1,200 మాత్రమే.

తరువాత పునర్జారీ. కంపెనీ మన 400 వాటాల్లో 300 వాటాలను, పూర్తిగా చెల్లించినవిగా, వాటాకు రూ.7 చొప్పున మరొకరికి ఇచ్చిందనుకుందాం. డిస్కౌంటు రూ.3. ఈ వాటాల మీద జప్తు అయినది రూ.5 కనుక డిస్కౌంటు హద్దులోనే ఉంది. రూ.5 కంటే తక్కువ ధరకు మాత్రం ఇవ్వడానికి వీల్లేదు. పాత వాటాదారుడు ఇచ్చిన ప్రీమియం ఈ హద్దును పెంచదు.

బ్యాంకు ఖాతా డెబిట్ 2,100
వాటాల జప్తు ఖాతా డెబిట్ 900
వాటా మూలధన ఖాతాకు క్రెడిట్ 3,000

ఇప్పుడు జప్తు ఖాతాలో రూ.1,100 మిగిలింది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆ మొత్తాన్నంతా మూలధన రిజర్వుకు మళ్లిస్తారు. కానీ ఆ నిల్వలో ఇంకా అమ్మని 100 వాటాల సొమ్ము కూడా కలిసి ఉంది. వాటిని ఎంత డిస్కౌంటుకు ఇవ్వవలసి వస్తుందో ఇంకా తేలలేదు కనుక, వాటి మీద వచ్చిన సొమ్మును లాభంగా చూడకూడదు. పునర్జారీ చేసిన 300 వాటాల వరకే లెక్క కట్టాలి. వాటి మీద జప్తు అయినది రూ.1,500, ఇచ్చిన డిస్కౌంటు రూ.900, మిగిలినది రూ.600.

వాటాల జప్తు ఖాతా డెబిట్ 600
మూలధన రిజర్వు ఖాతాకు క్రెడిట్ 600

ఈ రూ.600 సరైనదో కాదో మరోవైపు నుంచి కూడా సరిచూసుకోవచ్చు. ప్రతి వాటా మీద పాతవాడు రూ.5, కొత్తవాడు రూ.7, మొత్తం రూ.12 కంపెనీకి వచ్చాయి. ముఖ విలువకు మించినది రూ.2. దాన్ని 300తో గుణిస్తే రూ.600. ఇది మూలధన లావాదేవీ నుంచి వచ్చిన లాభం కనుకనే లాభనష్టాల ఖాతాకు పోకుండా మూలధన రిజర్వుకు వెళ్తుంది. జప్తు ఖాతాలో మిగిలిన రూ.500, అమ్మని 100 వాటాలను రూ.5తో గుణించినదానికి సమానంగా ఉండాలి. ఈ రెండూ కలవకపోతే పద్దుల్లో ఎక్కడో తప్పు జరిగినట్టే.

ఒకేసారి ఇద్దరు ముగ్గురి వాటాలు జప్తు అయినప్పుడు ఇంకొంత జాగ్రత్త అవసరం. ఒకరు వాటాకు రూ.5, ఇంకొకరు రూ.3 చెల్లించి ఉంటే, ఆ మొత్తాలను కలిపి సగటు తీయకూడదు. పునర్జారీ అయిన వాటాలు ఎవరివో గుర్తించి, వారు చెల్లించిన మొత్తాన్నే లెక్కలోకి తీసుకోవాలి. డిస్కౌంటు హద్దు కూడా మొదటివారి వాటాలకు రూ.5, రెండోవారి వాటాలకు రూ.3 అవుతుంది. అందుకే జప్తు ఖాతాకు అనుబంధంగా ఫోలియో సంఖ్య, వాటాల సంఖ్య, వాటాకు చెల్లించినది అనే మూడు వివరాలతో ఒక చిన్న పట్టిక ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

సంవత్సరాంతానికి ఆ 100 వాటాలు అమ్ముడుపోకుండా ఉంటే, జప్తు ఖాతాలోని రూ.500ను ఆస్తి అప్పుల పట్టీలో రిజర్వుల కింద కాక, వాటా మూలధనం నోట్‌లో చెల్లించిన మూలధనానికి కలిపి చూపాలి. ఆ వాటాలను అమ్మేలోగా జప్తును రద్దు చేసే అధికారం కూడా టేబుల్ ఎఫ్ ప్రకారం బోర్డుకు ఉంటుంది. పాత వాటాదారుడు సభ్యత్వం కోల్పోయినా, జప్తు నాటికి పడిన బాకీ కంపెనీకి పూర్తిగా అందేవరకు అతని బాధ్యత తీరదు.