మందు కొట్టినా బొద్దింకలు మళ్లీ ఎందుకు వస్తాయి? వంటింట్లో వాటి దారి, నీరు, మేత ఆపడం ఎలా?

వంటింట్లో స్ప్రే కొట్టిన రాత్రి నాలుగు బొద్దింకలు వెల్లకిలా పడతాయి, మనకు తృప్తిగా ఉంటుంది. రెండు వారాలు గడిచేసరికి గట్టు కింద నుంచి మీసాలు మళ్లీ కదులుతాయి. మందు నకిలీదని షాపువాడిని తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు మందుది కాదు. ఆ బొద్దింక ఎక్కడి నుంచి వచ్చింది, ఇక్కడ ఏం తిని బతుకుతోంది అన్నది చూడకుండానే మందు కొట్టాం.

ముందు ఏ బొద్దింకో తేల్చండి

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి ఒకటిన్నర అంగుళం ఉండే ఎర్ర గోధుమరంగు పెద్ద బొద్దింక. అది మురుగు కాలువలోనూ సెప్టిక్ ట్యాంకులోనూ కాపురం ఉండి, వంటింటికి రాత్రి పూట మేతకు వస్తుంది. రెండోది అర అంగుళం ఉండే లేత గోధుమరంగు చిన్న బొద్దింక. తల వెనక వీపు మీద పక్కపక్కనే రెండు నల్ల గీతలుంటాయి. ఇది బయటి నుంచి రోజూ వచ్చేది కాదు, మీ వంటింట్లోనే పుట్టి పెరుగుతుంది. కిరాణా అట్టపెట్టెలోనో పాత ఫ్రిజ్‌లోనో ఒక్కసారి ఇంట్లోకి వస్తే చాలు.

చిన్నదాన్ని పెద్దదాని పిల్ల అనుకునేవాళ్లు ఎక్కువ. తేడా తెలియకపోతే పని రెండింతలవుతుంది. పెద్దదానికి దారి మూయాలి, చిన్నదానికి గూడు వెతకాలి.

గూడు వెతకడానికి షాపుల్లో దొరికే జిగురు అట్టలు నాలుగు తెచ్చి, సింకు కింద, ఫ్రిజ్ వెనక, పొయ్యి పక్కన, గ్యాసు బండ దగ్గర గోడకు ఆనించి మూడు రాత్రులు ఉంచండి. నట్టనడి నేల మీద పెడితే లాభం లేదు, బొద్దింక గోడ వారనే నడుస్తుంది. ఏ అట్ట మీద రెక్కలు రాని చిన్న పిల్లలు ఎక్కువగా అంటుకున్నాయో, గూడు దాని దగ్గర్లోనే ఉంటుంది. పిల్లలు గూడు వదిలి ఎక్కువ దూరం తిరగవు.

పెద్దవాటి దారి: తూము

డెల్టాలో ఈ పెద్ద బొద్దింకల గొడవ ఎక్కువగా వర్షాలతోనే మొదలవుతుంది. నేల చదును, భూగర్భజలం పైపైనే ఉంటుంది. పెద్ద వాన పడితే డ్రెయిన్లలో నీరు నెమ్మదిగా లాగుతుంది. ఇంటి పక్క కాలువా సెప్టిక్ ట్యాంకూ నిండగానే లోపలున్నవి పొడి చోటు వెతుక్కుంటూ గొట్టాల వెంట పైకి ఎక్కుతాయి.

పాలకొల్లులో మా పిన్ని ఉండే కింది వాటాలో జరిగింది ఇదే. సింకు మీద జాలీ ఉంది, రాత్రి మూత కూడా పెడుతుంది. అయినా తెల్లవారేసరికి గట్టు మీద పెద్దవి. సింకు కింద తలుపు తీసి టార్చి వేస్తే సంగతి బయటపడింది. సింకు నుంచి దిగే మడతల ప్లాస్టిక్ గొట్టాన్ని నేలలోని పైపులోకి ఊరికే గుచ్చి వదిలేశారు. చుట్టూ చిటికెన వేలు పట్టేంత సందు, ఆ సందు అంచున మిరియపు గింజల్లా నల్లటి పెంట. జాలీ కాపలా కాస్తున్నది ఒక దారిని, అవి వచ్చేది పక్క దారిన. మన ఊళ్లలో చాలా వంటిళ్లలో గొట్టం బిగింపు ఇలాగే ఉంటుంది, ముందు అక్కడే చూడండి.

ఆ సందును గుడ్డ కుక్కి మూయకండి, తడిసి కుళ్లుతుంది. ప్లంబింగ్ షాపులో గొట్టానికి తొడిగే రబ్బరు మూత దొరుకుతుంది. అది బిగించి, మిగిలిన అంచుకు సిలికాన్ పూయండి. సింకు కింద గొట్టానికి వంపు ఉందో లేదో కూడా చూడండి. వంపులో నిలిచే నీరే పురుగుకూ వాసనకూ అడ్డు. వంపు లేకపోతే ప్లంబరు చేత పెట్టించాలి. నేల తూముల కింద ఉండే ట్రాపు పని కూడా అదే. వాడని బాత్‌రూమ్‌లో వేసవికి ఆ నీరు ఆవిరైపోతుంది, దారి తెరుచుకుంటుంది. వారానికోసారి చెంబెడు నీళ్లు పోయండి. ఊరికి వెళ్లేటప్పుడు ఆ నీటి మీద నాలుగు చెంచాల వంటనూనె పోస్తే తొందరగా ఆరదు.

బయట సెప్టిక్ ట్యాంకు మూత పగిలితే సిమెంటు చేయించండి, గాలి గొట్టం మీద దోమల జాలీ కట్టండి. తూములో యాసిడ్, బ్లీచింగ్ పౌడరు మాత్రం కలిపి పోయకండి. వాటి నుంచి క్లోరిన్ వాయువు లేస్తుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం.

మేత: కనిపించే మెతుకులు కావు, కనిపించని జిడ్డు

గట్టు అద్దంలా తుడిచే ఇళ్లలోనూ బొద్దింకలుంటాయి. కారణం పొయ్యి కింద ఉంటుంది. పొయ్యి ఎత్తి చూడండి: పొంగిన గంజి ఎండిన పొర, నూనె తుంపర్లు, పోపు గింజలు. చేపలు సింకులోనే కడిగే ఇల్లయితే గొట్టం లోపలి గోడకు కొవ్వు, పొలుసులు పట్టి జిగటగా పేరుకుంటాయి. వారానికోసారి గొట్టం విప్పి సబ్బు నీళ్లతో, బ్రష్షుతో ఆ పొర గీకితే చాలు. సలసల మరిగే నీళ్లు వద్దు, ప్లాస్టిక్ గొట్టం వంగిపోతుంది.

చిన్న బొద్దింక తిండి లేకుండా కొన్ని వారాలు ఉండగలదు కానీ, నీరు లేకపోతే అంతకంటే ముందే చస్తుంది. అందుకే రాత్రి పడుకునే ముందు సింకును పొడి గుడ్డతో తుడవడం, కారే కుళాయికి వాషరు మార్చడం, ఫ్రిజ్ వెనక నీటి పళ్లెం ఖాళీ చేయడం గట్టు తుడవడం కంటే ఎక్కువ ఫలితమిస్తాయి. తడి పీచును గట్టు మీద వదలకండి.

పగుళ్లు, ఆ తర్వాతే మందు

చిన్న బొద్దింకకు ఒంటికి రెండు వైపులా ఏదో ఒకటి తగిలే ఇరుకు చోటే ఇష్టం. గట్టు రాయి గోడను కలిసే చోటు, టైల్సు మధ్య ఊడిన తెల్ల సిమెంటు, అల్మరా బందుల వెనక ఉండే సందు దానికి సరిపోతాయి. కానీ వెంటనే మూసేయకండి. ముందు అక్కడ జెల్ మందు పెట్టాలి.

జెల్‌ను కందిగింజ కంటే చిన్న చుక్కలుగా, జిగురు అట్ట చూపించిన చోట్ల, జానెడు దూరానికొకటిగా పెట్టండి. పిల్లలకు, పెంపుడు జంతువులకు అందని చోటే పెట్టాలి. ఒకే చోట పెద్ద ముద్ద పెడితే ఎండిపోతుంది తప్ప తినవు. తిన్నది గూటికి వెళ్లి చస్తుంది. దాని పెంటనూ శవాన్నీ తిన్న పిల్లలూ చస్తాయి. ఆ చుట్టుపక్కల స్ప్రే కొట్టారా, పని చెడినట్టే. ఆ ఘాటుకు అవి జెల్ వైపు రావు, పైగా పక్క గదులకు చెదురుతాయి.

చిన్నదాని ఆడది ముప్పై నలభై గుడ్లున్న తిత్తిని పొదిగేదాకా ఒంటితోనే మోస్తుంది. తిత్తిలోని గుడ్లకు స్ప్రే సరిగ్గా తగలదు. పిల్ల పెద్దదవడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. అందువల్ల జెల్ పెట్టిన రెండు వారాలకు పిల్లలు కనిపిస్తే కంగారు వద్దు. ఎండిన చుక్కలు తీసి కొత్తవి పెట్టి, జిగురు అట్టలు మార్చండి. అట్టకు అంటుకునేవి వారం వారం తగ్గుతూ వస్తే దారి సరైనదే, అవి పూర్తిగా ఆగాక పగుళ్లు మూయండి. తగ్గకుండా అలాగే ఉంటే మందు రకం మార్చండి, లేదా పక్క వాటాతో మీ వంటింటికి ఉమ్మడి గోడ ఉందేమో చూడండి. పైపులు దూరే కన్నం ఉన్న గోడయితే, రెండు వాటాలవాళ్లూ ఒకే వారంలో జెల్ పెట్టాలి.