విద్యా రుణం విడత సొమ్మును నేరుగా కాలేజీ ఖాతాకు పంపమని బ్యాంకుకు లేఖ: రాసే విధానం, జతచేయాల్సినవి

విద్యా రుణం మంజూరైనంత మాత్రాన కాలేజీకి ఫీజు దానంతట అదే వెళ్లదు. బ్యాంకు మొత్తం రుణాన్ని ఒకేసారి ఇవ్వదు. ఏడాదికోసారో సెమిస్టర్‌కోసారో విద్యార్థి అవసరం చూపించినప్పుడు ఆ మేరకు విడుదల చేస్తుంది. బ్యాంకులు సాధారణంగా పాటించే ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ నమూనా పథకం కూడా, వీలైనంతవరకు సొమ్మును నేరుగా విద్యాసంస్థకే, పుస్తకాలూ పరికరాలైతే అమ్మేవారికే చెల్లించమంటుంది. కాబట్టి తల్లిదండ్రులు ఈ లేఖలో అడిగేది ప్రత్యేకమైన మినహాయింపేమీ కాదు. ఎవరికి, ఎంత, ఏ ఖాతాకు, ఏ తేదీలోపు పంపాలో తేల్చిచెప్పే పని ఈ లేఖది. ఆ నాలుగింటిలో ఒక్కటి అస్పష్టంగా ఉన్నా కాగితం బ్రాంచిలోనే ఆగిపోతుంది.

ముందు ఒక మాట సంగతి. లేఖలో "వాయిదా" అని రాయకండి. బ్యాంకులో వాయిదా అంటే మీరు తిరిగి కట్టే ఈఎంఐ అనే అర్థం చేసుకుంటారు. బ్యాంకు ఇవ్వాల్సిన సొమ్మును "రుణ విడత" అనో "రెండో సంవత్సరం ఫీజు విడుదల" అనో రాయండి.

ఎవరు సంతకం చేయాలి

లేఖ తండ్రో తల్లో రాసినా, వారి సంతకం ఒక్కటే సరిపోదు. విద్యా రుణంలో అసలు రుణగ్రహీత విద్యార్థి, తల్లిదండ్రులు సహ రుణగ్రహీతలు. రుణ ఖాతా నుంచి సొమ్ము మూడో వ్యక్తికి, అంటే కాలేజీకి, వెళ్తున్నప్పుడు ఇద్దరి అంగీకారమూ బ్యాంకుకు కావాలి. అమ్మాయి వేరే ఊళ్లో హాస్టల్లో ఉంటే, సెలవులకు వచ్చినప్పుడే సంతకం చేయించుకోండి, లేదా సంతకం చేసిన కాగితాన్ని పోస్టులో తెప్పించుకోండి. రుణ పత్రాల మీద ఉన్న సంతకంతో ఇది సరిపోలాలి.

ఇంటర్ అయిన వెంటనే చేరేవారిలో కొందరికి రుణం తీసుకునే నాటికి 18 ఏళ్లు నిండవు. అప్పుడు పత్రాల మీద తల్లిదండ్రులే సంతకం చేస్తారు. 18 నిండాక విద్యార్థి ఆ రుణాన్ని అంగీకరిస్తూ ఒక ధృవీకరణ పత్రం ఇవ్వాలి. అది ఇవ్వకుండా రెండో ఏడాది విడత అడిగితే, బ్యాంకు ముందు ఆ పత్రమే అడుగుతుంది. వయసు నిండిన వారంలోనే ఆ పని ముగించుకుంటే ఫీజు గడువు ముంచుకొచ్చినప్పుడు తిరుగుళ్లు తప్పుతాయి.

ఎంత అడగాలి

చాలా లేఖలు ఇక్కడే దెబ్బతింటాయి. నమూనా పథకం ప్రకారం 4 లక్షల రూపాయల వరకు రుణానికి మార్జిన్ ఉండదు. అంతకు మించితే దేశంలో చదువుకు 5 శాతం మీ వాటాగా పెట్టుకోవాలి. మొత్తం మార్జిన్ మొదటే కట్టనక్కర్లేదు. ప్రతి విడతలో ఆ విడతకు తగ్గట్టు పెడితే చాలు. విద్యార్థికి వచ్చే స్కాలర్‌షిప్‌ను కూడా మార్జిన్‌లో లెక్కిస్తారు. మీ శాతమెంతో మంజూరు పత్రంలో ఉంటుంది. దాన్నే ప్రమాణంగా తీసుకోండి.

ఒక లెక్క చూద్దాం. 7 లక్షల రుణం, బీటెక్ రెండో సంవత్సరం. కాలేజీ ఇచ్చిన డిమాండ్ లెటర్ ప్రకారం ట్యూషన్ ఫీజు 1,30,000, పరీక్ష ఫీజు 3,000, హాస్టల్, మెస్ కలిపి 75,000. మొత్తం 2,08,000. ఇందులో 5 శాతం, అంటే 10,400 రూపాయలు మీరు కట్టాలి. బ్యాంకు పంపేది 1,97,600. లేఖలో 2,08,000 పంపమని రాస్తే బ్యాంకు తన వాటా మాత్రమే పంపుతుంది, కాలేజీ లెడ్జర్‌లో 10,400 బకాయి మిగిలిపోతుంది. పరీక్షల ముందు హాల్‌టికెట్ ఆగినప్పుడుగానీ ఆ సంగతి తెలియదు. అందుకే ముందు మీ వాటా కాలేజీలో కట్టి, ఆ రసీదును లేఖకు జతచేయండి.

ఇంకో చిక్కు: హాస్టల్ ఫీజు చాలా కాలేజీల్లో వేరే ఖాతాకు వెళ్తుంది. అలాగైతే రెండు మొత్తాలూ విడిగా రాయాలి. పై లెక్కలో ట్యూషన్, పరీక్ష ఫీజులు 1,33,000. ఇందులో మీ వాటా 6,650 పోగా 1,26,350 కాలేజీ ఖాతాకు వెళ్లాలి. హాస్టల్ 75,000లో మీ వాటా 3,750 పోగా 71,250 హాస్టల్ ఖాతాకు వెళ్లాలి. రెండూ 2 లక్షల లోపే గనుక నెఫ్ట్‌లో వెళ్తాయి. ఆర్‌టీజీఎస్‌కు కనీస మొత్తం 2 లక్షలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించే సీటైతే, ప్రభుత్వం ఇచ్చే భాగం తీసేశాక మిగిలిన మొత్తానికే డిమాండ్ లెటర్ ఇవ్వమని కాలేజీని అడగండి. లేకపోతే ఒకే ఫీజు రెండుసార్లు జమయ్యి, దాన్ని వెనక్కి రాబట్టుకునే భారం మీ మీద పడుతుంది.

కాలేజీ ఖాతా వివరాలు

ఖాతా నంబరు వాట్సాప్ మెసేజ్ నుంచో పాత రసీదు నుంచో ఎత్తి రాయొద్దు. కాలేజీ లెటర్‌హెడ్ మీద, ఈ ఏడాది తేదీతో, సంతకం, ముద్ర ఉన్న డిమాండ్ లెటర్‌లోనే ఖాతా వివరాలు ఉండేలా తీసుకోండి. ప్రైవేటు కాలేజీల ఖాతా తరచూ కాలేజీ పేరుతో కాక, దాన్ని నడిపే ఎడ్యుకేషనల్ సొసైటీ లేదా ట్రస్టు పేరుతో ఉంటుంది. మంజూరు పత్రంలో కాలేజీ పేరు, ఖాతాకేమో సొసైటీ పేరు ఉంటే బ్యాంకు ఆపి అడుగుతుంది, అడగాలి కూడా. ఆ ఖాతా తమదేనని కాలేజీ రాసిచ్చిన ఒక్క వాక్యం, క్యాన్సిల్ చేసిన చెక్కు జతచేస్తే ఆ సందేహం తీరుతుంది.

ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో 11 అక్షరాలుంటాయి, అయిదోది ఎప్పుడూ సున్నా. అక్కడ ఆంగ్ల అక్షరం "ఓ" రాయడం మామూలుగా జరిగే పొరపాటు. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో సొమ్ము ఖాతా నంబరును బట్టే జమవుతుంది, పేరును బట్టి కాదు. పంపే ముందు ఖాతాదారు పేరు సరిచూసుకునే సదుపాయం 2025 ఏప్రిల్ 1 నుంచి బ్యాంకుల్లో ఉండాలి. బ్రాంచిలో ఆ పేరు చూసి నిర్ధారించుకున్నాకే పంపమని అడగండి.

కొన్ని కాలేజీలు ఒక్కో విద్యార్థికి ఒక్కో వర్చువల్ ఖాతా నంబరు ఇస్తాయి. అది ఉంటే దాన్నే రాయండి. సొమ్ము పడగానే పిల్లల పేరుకు జమవుతుంది. అది లేకపోతే వందలమంది ఫీజు ఒకే ఖాతాలో పడుతుంది, ఏది ఎవరిదో అకౌంట్స్ సెక్షన్‌కు తెలియదు. అందుకే రిమార్క్స్‌లో రోల్ నంబరు రాయమని లేఖలోనే కోరాలి.

లేఖ నమూనా

లేఖ తెలుగులో రాయొచ్చు. ఖాతా పేర్లు, కోడ్‌లు మాత్రం ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయండి, సిస్టమ్‌లో టైప్ చేసేవారు పొరపడకుండా ఉంటారు.

తేదీ: ________

బ్రాంచి మేనేజర్ గారికి,
________ బ్యాంకు, ________ బ్రాంచి.

విషయం: విద్యా రుణ ఖాతా నం. ________ – బీటెక్ రెండో సంవత్సరం ఫీజును నేరుగా కాలేజీ, హాస్టల్ ఖాతాలకు పంపడం గురించి.

అయ్యా,
మా అమ్మాయి ________ (రోల్ నం. ________) చదువు కోసం మీ బ్రాంచి ________ తేదీన రూ. 7,00,000 విద్యా రుణం మంజూరు చేసింది. నేను ఈ రుణంలో సహ రుణగ్రహీతను. రెండో సంవత్సరం ఫీజు రూ. 2,08,000 అని కాలేజీ డిమాండ్ లెటర్ ఇచ్చింది. మా మార్జిన్ రూ. 10,400 కట్టేశాం, రసీదులు జతపరిచాం.

మిగిలిన రూ. 1,97,600ను మా సేవింగ్స్ ఖాతాకు కాకుండా, రూ. 1,26,350 కాలేజీ ఖాతాకు (ఖాతా పేరు, నంబరు, ఐఎఫ్ఎస్‌సీ), రూ. 71,250 హాస్టల్ ఖాతాకు (ఖాతా పేరు, నంబరు, ఐఎఫ్ఎస్‌సీ) పంపవలసిందిగా కోరుతున్నాం. కాలేజీ గడువు ________. దయచేసి ________ తేదీ తర్వాత, ________ తేదీలోపు పంపండి. రిమార్క్స్‌లో రోల్ నంబరు రాసి, యూటీఆర్ నంబర్లు మాకు తెలియజేయగలరు.

కోర్సు పూర్తయ్యేవరకు ప్రతి ఏడాదీ మేమిచ్చే డిమాండ్ లెటర్ ప్రకారం ఇదే పద్ధతిలో చెల్లించడానికి మా ఇద్దరికీ సమ్మతమే. కాలేజీ ఏ కారణం చేతనైనా ఫీజు వాపసు ఇస్తే ఆ సొమ్ము పై రుణ ఖాతాకే జమ చేయిస్తాం.

సహ రుణగ్రహీత సంతకం, ఫోన్ నం. — విద్యార్థిని సంతకం, ఫోన్ నం.

జతపరచినవి: డిమాండ్ లెటర్, మార్జిన్ రసీదులు, మొదటి ఏడాది ఫీజు రసీదు, మార్కుల మెమో, మంజూరు పత్రం నకలు, కాలేజీ క్యాన్సిల్డ్ చెక్కు.

"ఫలానా తేదీ తర్వాత" అని ఎందుకంటే, వడ్డీ విడుదలైన రోజు నుంచి, విడుదలైన సొమ్ము మీదే పడుతుంది. 10 శాతం వడ్డీ అనుకుంటే 1,97,600 మీద నెలకు సుమారు 1,647 రూపాయలు. రెండు నెలలు ముందే పంపించుకుంటే 3,293 రూపాయలు అనవసరంగా పెరుగుతాయి. గడువుకు వారం ముందు చేరేలా అడగడం మంచిది. లేఖను మాత్రం 15 నుంచి 20 రోజుల ముందే ఇవ్వండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద బ్యాంకు ముద్ర, అందిన తేదీ వేయించుకోండి.

పంపాక చేయాల్సింది

రుణ ఖాతాలో డెబిట్ పడిన రోజే, ఆ చెల్లింపును గుర్తించే యూటీఆర్ నంబరు తీసుకుని, దాన్ని రోల్ నంబరుతో పాటు కాలేజీ అకౌంట్స్ సెక్షన్‌కు ఇవ్వండి. సొమ్ము చేరిందనడానికి కాలేజీ రసీదే రుజువు, బ్యాంకు మెసేజ్ కాదు. రాసిన ఖాతా నంబరు అసలు లేనిదైతే సొమ్ము సాధారణంగా వెనక్కి వస్తుంది, వేరొకరిదైతే వారికే జమవుతుంది. వెనక్కి వచ్చిందేమో రుణ ఖాతా స్టేట్‌మెంట్‌లో క్రెడిట్ కోసం చూడండి. డెబిట్ ఉండి, క్రెడిట్ లేక, కాలేజీకీ చేరలేదంటే యూటీఆర్‌తో ఆ రోజే రాతపూర్వకంగా బ్రాంచిని అడగండి. రసీదు వచ్చాక దాని నకలు బ్రాంచిలో ఇవ్వండి. వచ్చే ఏడాది విడతకు బ్యాంకు ముందుగా అడిగేది ఈ రసీదు, గత ఏడాది మార్కుల మెమోయే.

గడువు దగ్గరపడి ఫీజు మీరే కట్టేస్తే ఈ లేఖ పనికిరాదు. కాలేజీకి మళ్లీ పంపితే రెండుసార్లు కట్టినట్టవుతుంది. అప్పుడు మీరు కట్టిన సొమ్మును మీ ఖాతాకు ఇవ్వమని వేరే లేఖ రాసి, కాలేజీ రసీదు, సొమ్ము వెళ్లిన మీ ఖాతా స్టేట్‌మెంట్ జతచేయాలి.

బ్రాంచి స్పందించకపోతే ముద్ర వేసిన ప్రతిని జతచేసి, ఆ బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చినది సంతృప్తికరంగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. మీరు బ్యాంకుకు ఎప్పుడు రాశారన్నది అక్కడ మొదటి ప్రశ్న, దానికి జవాబు ఆ ముద్ర ఉన్న ప్రతి.