అప్రూవ్ అయిన లీవ్‌లో ఉండగా మేనేజర్ ఆఫీసుకు రమ్మంటే ఏమని జవాబివ్వాలి?

మీరు అకౌంట్స్‌లో పనిచేస్తున్నారనుకోండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా లీవ్ పెట్టారు. మేనేజర్ అప్రూవ్ కూడా చేశారు. మంగళవారం రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్‌లో మెసేజ్ వచ్చింది: "రేపు ఒక్క పూట వచ్చి వెళ్లండి. నెలవారీ రిపోర్టు మీరు లేకపోతే కదిలేలా లేదు." పది నిమిషాలు గడిచాక ఇంకోటి: "చూశారా?" ఆ తర్వాత ఒక మిస్డ్ కాల్.

ఇలాంటప్పుడు చాలామంది రెండింట్లో ఒకటి చేస్తారు. టెన్షన్ పడి "సరే సార్, చూస్తాను" అనేస్తారు, లేదా ఫోన్ పక్కన పడేసి జవాబే ఇవ్వరు. మొదటిదాన్ని మేనేజర్ ఒప్పుకున్నట్టే లెక్క వేసుకుంటారు. రెండోది మీకు అనుకూలంగా ఉన్న విషయాన్ని కాస్తా "ఫోన్ ఎత్తలేదు, పట్టించుకోలేదు" అనే ఫిర్యాదుగా మార్చేస్తుంది. కావలసింది ఒక్క మెసేజ్, అదీ పొట్టిది. దాన్ని ఎలా రాయాలో ఈ ఉదాహరణతోనే చూద్దాం.

ముందు అప్రూవల్ తెరిచి చదవండి

జవాబు రాసే ముందు లీవ్ అప్రూవ్ చేసిన మెయిల్‌ని, లేదా లీవ్ పోర్టల్‌లో ఆ పేజీని తెరవండి. తేదీలు సరిగ్గా ఏమున్నాయి, ఎవరు అప్రూవ్ చేశారు, "అవసరమైతే అందుబాటులో ఉండాలి" లాంటి షరతు ఏదైనా పెట్టారా అన్నది చూడండి. షరతు ఉందన్న సంగతి మర్చిపోయి "నాకు పూర్తి లీవ్ ఇచ్చారు" అని రాస్తే, మేనేజర్ అదే మెయిల్‌ని తిరిగి మీకు పంపిస్తారు. పేజీని ఒక స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. పోర్టల్‌లో స్టేటస్ తర్వాత మారినా మీ దగ్గర రుజువు ఉంటుంది.

కంపెనీ లీవ్ రూల్స్ దొరికితే అవి కూడా ఒకసారి చూడండి. మంజూరు చేసిన సెలవును రద్దు చేసి వెనక్కి పిలిచే హక్కును కొన్ని సంస్థలు తమ దగ్గర ఉంచుకుంటాయి. అలా ఉంటే ఆ పని ఎవరు చేయాలి, ఎలా తెలియజేయాలి అన్నది కూడా సాధారణంగా అక్కడే ఉంటుంది. రాత్రిపూట వచ్చిన "ఒక్క పూట వచ్చి వెళ్లండి" అనే మెసేజ్ చాలావరకు ఆ పద్ధతిలో ఇచ్చిన ఆర్డర్ కాదు, ఒత్తిడి కలిపిన కోరిక. కోరికకు కాదని చెప్పవచ్చు. ఆర్డర్ సంగతి వేరు, దాని దగ్గరకు తర్వాత వద్దాం.

మేనేజర్‌కు మీరు కావాలా, పని కావాలా?

"మీరు లేకపోతే కదలదు" అన్న మాట వెనక దాదాపు ఎప్పుడూ ఒక చిన్న, స్పష్టమైన అవసరం ఉంటుంది. మన ఉదాహరణలో రిపోర్టు సిద్ధంగానే ఉంది. మూడు బిల్లుల దగ్గర లెక్క తేడా వస్తోంది, ఎందుకు వస్తోందో మేనేజర్‌కు అర్థం కావడం లేదు. గురువారం పైవాళ్లతో మీటింగ్ ఉంది కాబట్టి కంగారు పడుతున్నారు. ఆయనకు కావలసింది ఆ మూడు బిల్లుల వివరం, మీరు కుర్చీలో కూర్చోవడం కాదు.

అసలు అవసరం మీకు తెలిస్తే జవాబులోనే దానికి దారి చూపించండి. తెలియకపోతే రాలేనని చెప్పాకే అడగండి. "ఏం పని సార్?" అని ముందుగా అడిగితే, పని వివరం విన్నాక వస్తారన్న ఆశ ఇచ్చినట్టవుతుంది. వరుస మారితే బేరం మొదలవుతుంది.

మెసేజ్ ఇలా రాయండి

"సార్, మీ మెసేజ్ చూశాను. సోమవారం నుంచి శుక్రవారం వరకు నా లీవ్ అప్రూవ్ అయింది, దాని ప్రకారమే ప్లాన్ చేసుకున్నాను. అందుకని రేపు ఆఫీసుకు రాలేను. రిపోర్టు టీమ్ ఫోల్డర్‌లో ఉంది. తేడా వస్తున్న మూడు బిల్లుల పక్కన కారణం నోట్‌గా రాసి పెట్టాను. నా పని చూస్తున్న కొలీగ్‌కు ఆ వివరాలు తెలుసు. ఇంకా సందేహం ఉంటే రేపు ఉదయం 11 నుంచి 11:15 వరకు తనతో ఫోన్‌లో మాట్లాడతాను. వచ్చే సోమవారం ఆఫీసులో ఉంటాను."

ఇందులో అన్నిటికంటే బరువు మోసేది "రాలేను" అన్న మాట. "కుదరకపోవచ్చేమో", "కొంచెం కష్టం సార్", "ట్రై చేస్తాను" అని రాస్తే అవతలివాళ్లు తమకు అనుకూలమైన అర్థమే తీసుకుంటారు, అందులో వాళ్ల తప్పు కూడా లేదు. మర్యాదంతా మిగతా వాక్యాల్లో ఉంది. మెసేజ్ చూశానన్నారు, పని ఆగకుండా దారి చూపించారు, ఎప్పుడు వస్తారో చెప్పారు. అంత చేశాక "రాలేను"ను మెత్తబరచాల్సిన పని లేదు. "సారీ" అనాలనిపిస్తే ఒక్కసారి చాలు. మూడుసార్లు రాస్తే తప్పు మీదేనని మీరే ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది.

ఫోన్‌కు టైమ్ ఇవ్వడం మీ ఇష్టం. ఇస్తే మొదలు, చివర రెండూ చెప్పండి. "ఏదైనా ఉంటే కాల్ చేయండి" అని వదిలేస్తే రోజంతా ఫోన్ చేతిలోనే ఉంటుంది. ఒంట్లో బాగాలేక పెట్టిన లీవ్ అయితే ఆ వాక్యం తీసేయండి. సిక్ లీవ్‌లో ఉండి పని కాల్స్ తీసుకుంటే "అంత బాగానే ఉన్నారుగా" అనే ప్రశ్నకు మీరే చోటిచ్చినట్టవుతుంది.

టీమ్ గ్రూప్‌లో అందరి ముందు అడిగారనుకోండి. గ్రూప్‌లో "లీవ్‌లో ఉన్నాను సార్, మీకు విడిగా మెసేజ్ పెడుతున్నాను" అని ఒక్క లైను రాసి, అసలు జవాబు ఆయనకే పంపండి. పదిమందిలో కాదనిపించుకున్న మేనేజర్ పని కంటే పంతానికే పోతారు.

కారణం చెప్పకండి

పై మెసేజ్‌లో లీవ్ ఎందుకు పెట్టారన్నది లేదు. దాన్ని కావాలనే వదిలేశాం. అప్రూవల్ అడిగేటప్పుడు చెప్పాల్సిన కారణం చెప్పేశారు, అది ఒప్పుకునే లీవ్ ఇచ్చారు. మళ్లీ చెబితే మళ్లీ విచారణ మొదలవుతుంది. "ఇంట్లో ఫంక్షన్ ఉంది సార్" అంటే "ఫంక్షన్ సాయంత్రమేగా, పొద్దున వచ్చి వెళ్లండి" అంటారు. "ఊళ్లో లేను" అంటే "బయల్దేరితే రాత్రికల్లా వచ్చేయొచ్చుగా" అంటారు. అవతలి నుంచి వచ్చే ప్రశ్నలు పని గురించి కాక మీ సొంత విషయాల గురించి వస్తున్నాయంటే, మీరు అవసరానికి మించి చెప్పారని గుర్తు. అక్కడే ఆపి "ఆ రోజుల్లో నేను రాలేను సార్" దగ్గరికి తిరిగి వచ్చేయండి.

లేని కారణం కల్పించడం ఇంకా ప్రమాదం. ఊళ్లో లేనని రాసి, సాయంత్రం ఊళ్లోనే దిగిన ఫోటో స్టేటస్‌గా పెట్టేవాళ్లకు కొదవ లేదు.

ఫోన్ చేస్తే

రాత పూర్వకంగా జవాబిచ్చాక కూడా ఫోన్ రావచ్చు. ఒకసారి ఎత్తండి. మాటల్లో ఒత్తిడి ఎక్కువ కాబట్టి, చెప్పాల్సిన వాక్యం ముందే సిద్ధం చేసుకోండి. సంభాషణ సుమారుగా ఇలా నడుస్తుంది:

"అర్థం చేసుకోండి, ఒక్క రెండు గంటలే."

"మీ ఇబ్బంది అర్థమైంది సార్. రేపు నేను రాలేను. పదకొండింటికి ఫోన్‌లో ఉంటాను."

"టీమ్ కోసం ఆ మాత్రం చేయలేరా?"

"రిపోర్టు ఆగకుండా అన్నీ ఫోల్డర్‌లో పెట్టాను సార్. రేపు రావడం మాత్రం కుదరదు."

రెండోసారి కొత్త వాదన తేలేదని గమనించండి. కొత్త కారణం తెచ్చిన ప్రతిసారీ దానికి కొత్త జవాబు వస్తుంది. ఉన్న మాటనే అదే గొంతుతో చెబితే సంభాషణ తొందరగా అయిపోతుంది. అవతల నిశ్శబ్దం వస్తే దాన్ని నింపాలని తొందరపడకండి. "సరే, పోనీ మధ్యాహ్నం..." అనే మాట సాధారణంగా ఆ ఖాళీలోనే జారుతుంది.

ఫోన్ పెట్టేశాక ఒక్క మెసేజ్: "సార్, ఇప్పుడు మాట్లాడుకున్నట్టు రేపు 11కి కాల్‌లో ఉంటాను, ఆఫీసుకు రావడం లేదు." తర్వాత ఎవరైనా "వస్తానన్నారు" అంటే చూపించడానికి అది చాలు.

"లీవ్ క్యాన్సిల్ చేస్తున్నాను" అంటే

ఇక్కడ పరిస్థితి మారుతుంది. కోరిక ఆర్డర్‌గా మారుతోంది కాబట్టి కాగితం మీదకు రమ్మనండి: "సార్, లీవ్ రద్దు చేస్తున్నట్లయితే దయచేసి హెచ్‌ఆర్‌ను కాపీలో పెట్టి మెయిల్ పంపండి. చూసి జవాబిస్తాను." చాలా బెదిరింపులు ఈ మెయిల్ దగ్గరే ఆగిపోతాయి. రాసి సంతకం పెట్టాలంటే కారణం చూపించాలి, అది మూడో మనిషి కూడా చదువుతారు.

ఒకవేళ మెయిల్ నిజంగానే వస్తే, పంపిన వ్యక్తికి కంపెనీ రూల్స్ ప్రకారం ఆ అధికారం ఉంటే, దాన్ని పట్టించుకోకుండా కూర్చోవద్దు. అది అనుమతి లేని గైర్హాజరు కింద లెక్కకు రావచ్చు. అదే రోజు హెచ్‌ఆర్‌కు రాయండి. అప్రూవల్ స్క్రీన్‌షాట్ జతచేసి, రద్దు వల్ల మీకు అయ్యే టికెట్ల ఖర్చు ఎవరు భరిస్తారో, పోయిన రోజులు తిరిగి జమ అవుతాయో లేదో అడగండి. అప్రైజల్‌లో చూసుకుంటానన్న మాట వింటే జవాబుగా వాదించకండి. తేదీ, సమయం, అన్న మాట అన్నట్టుగా రాసిపెట్టుకుని హెచ్‌ఆర్ మెయిల్‌లో చేర్చండి.

అన్నీ చూసుకుని వెళ్లడమే నయమని మీకే అనిపిస్తే, బయల్దేరక ముందే షరతు రాయించుకోండి: "బుధవారం పని చేస్తున్నాను కాబట్టి ఆ రోజు లీవ్ తిరిగి నా ఖాతాలో వేస్తారని అనుకుంటున్నాను, దయచేసి కన్ఫర్మ్ చేయండి." వెళ్లి వచ్చాక అడిగితే "రెండు గంటలేగా" అంటారు.

తిరిగి వచ్చిన సోమవారం

రిపోర్టు ఏమైందో కనుక్కున్నాక మేనేజర్‌ను పది నిమిషాలు అడగండి. ఫిర్యాదులా కాకుండా, ఏ సమాచారం దొరక్క ఇబ్బంది అయిందో అడగండి. బిల్లుల నోట్ కంటపడలేదంటే అది హ్యాండోవర్‌లో లోపం, దిద్దుకోవచ్చు. తర్వాతి లీవ్‌కు రెండు రోజుల ముందు పెండింగ్ పనులు, ఏ ఫైలు ఎక్కడుంది, ఎవరిని అడగాలి అన్నవి ఒకే మెయిల్‌లో రాసి మేనేజర్‌కు పంపి, "ఇంకేమైనా కావాలంటే నేను వెళ్లేలోపు చెప్పండి" అని అడగండి. ఆయన "ఓకే" అన్నారంటే, మరోసారి రమ్మన్నప్పుడు మీ జవాబులో చేర్చడానికి ఆ మెయిల్ కూడా ఉంటుంది.